మూడు పరీక్షలూ నెగ్గిన మెయిల్ జీమెయిల్‌లో స్పామ్‌కు ఎందుకు పోతున్నది?

అంచుజరీ (అనంతపురం)

అందరికీ నమస్కారం. ధర్మవరం మగ్గాల నుండి పట్టుచీరలు తెప్పించి, అనంతపురం నుండి వెబ్‌సైటు ద్వారా అమ్మే మా కుటుంబ వ్యాపారంలో సర్వరు, మెయిల్ పనులు నేనే చూసుకుంటాను. ఆర్డరు అందినట్లు, చీర పంపినట్లు తెలిపే మెయిళ్లు రోజుకు నలభై యాభై వెళ్తాయి. దసరా వరకు అవి చక్కగా ఇన్‌బాక్సులోనే చేరేవి. ఇప్పుడు మూడు వారాలుగా జీమెయిల్ వాడే కొనుగోలుదారులు ఫోన్ చేసి, డబ్బు కట్టిన తరువాత మీ నుండి ఏ కబురూ రాలేదని అడుగుతున్నారు. వెతకమంటే స్పామ్‌లో ఉందంటున్నారు. ఔట్‌లుక్ వాడేవారిదీ అదే మాట.

మా సొంత సర్వరు నుండే పంపుతున్నాము. ఒక మెయిల్‌ను జీమెయిల్‌లో "Show original" ద్వారా తెరిచి చూస్తే ఇలా ఉంది. మా డొమైన్ పేరుకు బదులు వేరే పేరు రాశాను.

```
Authentication-Results: mx.google.com;
  dkim=pass header.i=@example.com header.s=mail1;
  spf=pass smtp.mailfrom=orders@example.com;
  dmarc=pass (p=NONE) header.from=example.com
```

మూడూ నెగ్గాయి. రివర్స్ డీఎన్‌ఎస్ సరిగానే ఉంది, మెయిల్ టీఎల్‌ఎస్‌తోనే వెళ్తున్నది. ఇంకేమి తప్పు మిగిలిందో నాకు అంతుబట్టడం లేదు.

గండికోట (కడప)

మీ డీమార్క్‌లో p=NONE అని ఉంది కదా, లోపం అక్కడే ఉంది. దానిని reject చేయండి. ఆ తరువాత ఐపీ కూడా మార్చండి. చవక వీపీఎస్‌లలో పొరుగు ఐపీల వాళ్లు స్పామ్ పంపితే ఆ చెడ్డపేరు మనకూ అంటుతుంది. నేను రెండు సర్వర్లకు ఇలాగే చేశాను, పని జరిగింది.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)

మా డయాగ్నస్టిక్ సెంటర్‌లోనూ ఇదే బాధ. రోగులకు పంపే రిపోర్టులు జీమెయిల్‌కు చేరడం లేదు. సర్వరు లాగ్‌లో 550-5.7.26 అని వస్తున్నది. అంచుజరీ గారికి దొరికే జవాబే మాకూ పనికి వస్తుందని ఈ చర్చను చూస్తున్నాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

పెన్నా ఇసుక గారూ, మీది ఈ సమస్యకు తలకిందులుగా ఉన్న సమస్య. ఆ సంఖ్య వచ్చిందంటే మీ మెయిల్ ఎవరిదో రుజువు కాలేదని జీమెయిల్ దానిని గుమ్మం దగ్గరే తిప్పి పంపింది. మీరు ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచేసుకుంటే అది తీరుతుంది. అంచుజరీ గారి మెయిల్‌ను లోపలికి రానిచ్చారు, ఎవరిదో గుర్తుపట్టారు, గుర్తుపట్టిన తరువాతే స్పామ్‌లో వేశారు. దయచేసి మీ లాగ్‌తో వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ తప్పక చూస్తాను.

అంచుజరీ గారూ, ఆ మూడు పరీక్షలు చెప్పేది ఒక్కటే: ఈ ఉత్తరం నిజంగా ఈ డొమైన్ వారు పంపినదే. ఆ డొమైన్ వారి ఉత్తరాలు జనానికి ఇష్టమా కాదా అన్నది ఆ పరీక్షల్లో ఎక్కడా లేదు. పైగా డీకిమ్ నెగ్గిన ప్రతి మెయిల్ మంచికైనా చెడుకైనా మీ డొమైన్ ఖాతాలోనే జమ అవుతుంది. కాబట్టి ఇది అమరిక లోపం కాకపోవచ్చు, చరిత్రకు సంబంధించినది కావచ్చు. మూడు వారాల కిందట అని మీరే చెప్పారు. ఆ రోజుల్లో అదే డొమైన్ నుండి ఆర్డరు మెయిళ్లు కాక ఇంకేమైనా వెళ్లిందా?

గండికోట గారూ, p=reject అనేది పరీక్ష తప్పిన మెయిల్‌ను ఏమి చేయాలో అవతలివారికి చెప్పే మాట. నెగ్గిన మెయిల్‌కు దాని వలన అదనపు మర్యాద దక్కదు. ఎవరైనా మీ పేరుతో దొంగ మెయిళ్లు పంపుతుంటే అది ఉపయోగపడుతుంది కాబట్టి పెట్టమనే చెబుతాను, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు. ఐపీ గురించి మీరు చెప్పినదానిలో సగం నిజముంది, దాని దగ్గరకు తరువాత వస్తాను.

అంచుజరీ

వెళ్లింది. దసరాకు పది రోజుల ముందు ఆఫర్ మెయిల్ ఒకటి 7,400 మందికి పంపాము, అందులో సుమారు 6,100 జీమెయిల్ చిరునామాలు. కానీ మీరు అనుకుంటున్న తప్పు అది కాదని నాకు అనిపిస్తున్నది, ఎందుకంటే మెయిల్ పంపేవారికి గూగుల్ లెక్కలు చూపే పోస్ట్‌మాస్టర్ టూల్స్ నేను చూస్తూనే ఉన్నాను. మొదటి రోజు స్పామ్ శాతం 0.9 చూపింది, భయపడ్డాను. నాలుగు రోజుల తరువాత అదే జాబితాకు గుర్తుచేసే మెయిల్ పంపితే 0.0 చూపింది. ఫిర్యాదులు ఆగిపోయాయి కదా. ఆ తరువాతి రోజులకు గ్రాఫ్ ఖాళీగా ఉంది.

కొండారెడ్డి బురుజు

రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. మొదటి మెయిల్ వలన ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, రెండవదాని వలన ఎన్ని వచ్చాయి? ఆ 7,400 చిరునామాలు ఎక్కడి నుండి వచ్చాయి?

అంచుజరీ

మొదటిదానికి 31 ఆర్డర్లు వచ్చాయి. రెండవదానికి ఒకే ఒక్కటి. జనం అప్పటికే కొనేశారనుకున్నాము.

జాబితాలో 2,100 మంది ఇంతకుముందు మా దగ్గర కొన్నవారు. మిగతా 5,300 మూడేళ్లుగా ఎగ్జిబిషన్ స్టాళ్లలో సందర్శకుల పుస్తకంలో రాయించుకున్నవి. చేతిరాత చూసి మా పిల్లలు టైపు చేశారు. మొదటి మెయిల్‌లో 860 తిరిగి వచ్చాయి, చాలావాటికి 550-5.1.1, అంటే అలాంటి చిరునామాయే లేదని ఉంది. రెండవసారి వాటిని తీసివేయలేదు, మళ్లీ పంపాను.

కొండారెడ్డి బురుజు

ఇప్పుడు కథ పూర్తిగా కనిపిస్తున్నది. ఆ 0.0 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దానిని శుభవార్తగా చదివి మోసపోయినవారిని నేను చాలామందిని చూశాను, మొదట్లో నేనూ మోసపోయాను.

పోస్ట్‌మాస్టర్ టూల్స్ చూపే శాతం మీరు పంపిన మొత్తం మీద లెక్కకట్టినది కాదు. ఇన్‌బాక్సులో పడిన మెయిళ్లలో ఎన్నింటిని చదువరులు స్పామ్ అని గుర్తుపెట్టారో అది చెబుతుంది. మొదటి రోజు మీ మెయిల్ చాలావరకు ఇన్‌బాక్సులో పడింది, మిమ్మల్ని ఎరుగనివారు విసుగుతో స్పామ్ నొక్కారు, 0.9 వచ్చింది. గూగుల్ తన నియమాలలో ఈ శాతం 0.1 లోపు ఉంచుకోమని, 0.3ను ఎన్నడూ తాకవద్దని చెబుతుంది, కాబట్టి మీరు ఆ హద్దుకు మూడింతలయ్యారు. నాలుగు రోజుల తరువాత రెండవ మెయిల్ వచ్చేసరికి జీమెయిల్ దానిని నేరుగా స్పామ్‌లో వేసింది. స్పామ్‌లో ఉన్న మెయిల్‌ను మళ్లీ స్పామ్ అని నొక్కడం కుదరదు. ఇన్‌బాక్సులో మిగిలినది మీతో ఎప్పుడూ ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే కొద్దిమందికి పోయినది మాత్రమే, వారు ఫిర్యాదు చేయరు. ఆ విధంగా 0.9 కాస్తా 0.0 అయింది. ఫిర్యాదులు తగ్గలేదు, ఫిర్యాదు చేయగలిగినవారికి మీ మెయిల్ కనబడడమే ఆగిపోయింది.

దీనిని పట్టుకోవడానికి మీ దగ్గరే సాక్ష్యం ఉంది. 31 ఆర్డర్లు ఒకటికి పడిపోయాయి. స్పామ్ శాతమూ, మెయిల్ వలన వచ్చే రాబడీ ఒకే రోజున కలిసి పడిపోతే అది బాగుపడడం కాదు. ఆ తరువాత గ్రాఫ్ ఖాళీగా ఉండడానికి కారణం వేరు: రోజుకు నలభై మెయిళ్లంటే చూపించదగినంత లెక్క అక్కడ ఉండదు.

హంద్రీ (కర్నూలు)

నేను సాంకేతిక పని చేసేదానిని కాను, ఆ స్పామ్ మీట నొక్కే మనిషిని. ఒక విషయం చెప్పాలనిపించింది. ఎగ్జిబిషన్‌లో ఏదో పుస్తకంలో పేరు రాసి రెండేళ్లు గడిచాక ఒక మెయిల్ వస్తే, ఆ దుకాణం నాకు గుర్తుండదు. కింద అన్‌సబ్‌స్క్రయిబ్ లంకె వెతికి, అది ఎక్కడికి తీసుకుపోతుందో తెలియక, స్పామ్ నొక్కడమే సురక్షితమని నొక్కుతాను. ఎవరిమీదా కోపంతో కాదు. నేను నొక్కిన దాని వలన వేరొకరికి చీర రసీదు అందకుండా పోతుందని నాకు ఇంతవరకు తెలియదు.

పైగా నా చిరునామాకు ఒక అక్షరం తేడాతో ఇంకొకరి చిరునామా ఉంది. ఆమెకు రావలసిన బట్టల దుకాణాల మెయిళ్లు నాకు వస్తుంటాయి. చేతిరాత చూసి టైపు చేసిన జాబితా అంటే నాకు అదే గుర్తుకొచ్చింది.

కొండారెడ్డి బురుజు

హంద్రీ గారూ, మీరు చేసినదానిలో తప్పేమీ లేదు, ఆ మీట ఉన్నదే అందుకు. మీరు చెప్పిన అక్షరం తేడా సంగతి నేను మరచినది. తప్పు టైపు చేసిన చిరునామాలలో కొన్ని అసలు లేనివి, అవి 860లో చేరి తిరిగి వచ్చాయి. మరికొన్ని నిజంగా ఉన్న వేరేవారివి, వారికి మెయిల్ అందింది. తిరిగిరాని తప్పు చిరునామా తిరిగివచ్చినదాని కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

గండికోట

డొమైన్ అనే ఎందుకు అనుకోవాలి? ఐపీ కావచ్చు, మెయిల్‌లోని లంకె కావచ్చు, చీర బొమ్మలు పెట్టిన చోటు కావచ్చు. ఊహతో చెప్పడం కంటే పరీక్ష చేసి చూడడం మంచిది కదా.

కొండారెడ్డి బురుజు

ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అంచుజరీ గారూ, ఒక్కో ప్రయోగంలో ఒక్క వస్తువునే మార్చండి. మొదట ఆర్డరు మెయిల్‌ను ఉన్నదున్నట్లు పంపండి. తరువాత లంకెలు, బొమ్మలు అన్నీ తీసివేసి, రెండు వాక్యాల మామూలు తెలుగు మెయిల్‌ను అదే డొమైన్ నుండి, అదే సర్వరు నుండి పంపండి. చివరగా మీ ఇంట్లో ఎవరికైనా పాత డొమైన్ ఉంటే, దానికి డీకిమ్ అమర్చి, అదే సర్వరు నుండి అవే రెండు వాక్యాలు పంపండి.

మీ సొంత జీమెయిల్‌కు గానీ మీ దుకాణంలో పనిచేసేవారికి గానీ పంపవద్దు. మీరంతా ఈపాటికి "Not spam" నొక్కి ఉంటారు, ఆ ఖాతాలకు మీ మెయిల్ ఇన్‌బాక్సులోనే పడుతుంది, దాని నుండి మిగతా లోకం గురించి ఏమీ తెలియదు. మీతో ఎన్నడూ మాట్లాడని చిరునామాలు కావాలి. నాది ఒకటి ప్రైవేటు సందేశంలో ఇస్తాను, ఇంకెవరైనా ఇవ్వగలిగితే మేలు.

హంద్రీ

నాదీ ఇస్తాను.

తుంగభద్ర తీరం (కర్నూలు)

నాదీ. ఇంకో మాట. మా కోచింగ్ సెంటర్‌కు నిరుడు ఇదే జరిగితే మేము కొత్త డొమైన్ కొని మారిపోయాము. నెలలోపే అంతా బాగుపడింది. ఇన్ని ప్రయోగాలు దేనికి?

అంచుజరీ (రెండు రోజుల తరువాత)

ఐదుగురు చిరునామాలు ఇచ్చారు, అందరికీ కృతజ్ఞతలు. అన్నీ జీమెయిల్. ఉన్నదున్నట్లు పంపిన ఆర్డరు మెయిల్ ఐదింటిలోనూ స్పామ్‌కు పోయింది. లంకెలు, బొమ్మలు లేని రెండు వాక్యాల మెయిల్ కూడా ఐదింటిలోనూ స్పామ్‌కే పోయింది. మా మామయ్యకు ఎనిమిదేళ్లుగా ఉన్న డొమైన్ నుండి, అదే సర్వరు ద్వారా, అవే వాక్యాలు పంపితే నాలుగు ఇన్‌బాక్సులో, ఒకటి స్పామ్‌లో పడ్డాయి.

హంద్రీ గారు తన ఖాతాలో "Why is this message in spam?" అన్న పట్టీని చూసి ఫొటో పంపారు. ఇంతకుముందు స్పామ్‌గా గుర్తించిన మెయిళ్లను ఇది పోలి ఉందన్న అర్థంలో ఉంది. రెండు వాక్యాల మెయిల్‌లో పోలడానికి ఏముందని మొదట ఆశ్చర్యపోయాను. అందులో మిగిలినది మా డొమైన్ పేరు ఒక్కటే.

కొండారెడ్డి బురుజు

ఐదు ఖాతాలు చిన్న నమూనాయే, కానీ ఫలితం ఒకే వైపు చూపిస్తున్నది. లంకె కాదు, బొమ్మ కాదు, జీమెయిల్ మట్టుకు ఐపీ కూడా కాదు. డొమైన్ పేరే.

ఇప్పుడు చేయవలసినవి చెబుతాను. సందర్శకుల పుస్తకం నుండి వచ్చిన 5,300 చిరునామాలకు ఇకపై పంపవద్దు, వాటిలో కొనుగోలుదారులెవరైనా ఉంటే వారు ఎలాగూ మీ దగ్గర కొన్నవారి జాబితాలో ఉంటారు. మిగిలిన 2,100 మందిలో కూడా గత ఆరు నెలల్లో కొన్నవారికి మాత్రమే మొదట పంపండి. మెయిల్ తెరిచారా లేదా అన్న లెక్కను నమ్మి ఎవరినీ ఎంచుకోవద్దు. ఆపిల్ 2021 నుండి తన మెయిల్ యాప్‌లో మనిషి చూడకముందే బొమ్మలను తెచ్చిపెట్టుకునే ఏర్పాటు ఇచ్చింది, అందువలన తెరవనివి కూడా తెరిచినట్లు కనబడతాయి. కొనుగోలు, లంకె నొక్కడం, జవాబు రాయడం, వీటినే లెక్కలోకి తీసుకోండి.

ఆర్డరు మెయిళ్లను ఒక సబ్‌డొమైన్ నుండి, ఆఫర్లను మరొక సబ్‌డొమైన్ నుండి, వేర్వేరు డీకిమ్ సంతకాలతో పంపండి. సబ్‌డొమైన్ పూర్తి గోడ కాదని ముందే గుర్తుంచుకోవాలి, అసలు డొమైన్ మచ్చ కొంత దానిమీదా పడుతుంది. అయినా ఆర్డరు మెయిల్‌ను జనం వెతికి మరీ తెరుస్తారు కాబట్టి, ఆ మంచిపేరు ఆఫర్లలో కలిసి పలచబడకుండా దాని ఖాతాలోనే పోగవుతుంది.

ఒక రోజులో వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు 5,000 దాటి పంపారు కాబట్టి, గూగుల్ 2024 ఫిబ్రవరి నుండి అమలు చేసిన నియమాల ప్రకారం మీరు ఇకపై శాశ్వతంగా పెద్దమొత్తంలో పంపేవారి కిందే లెక్క. సబ్‌డొమైన్లు వేరు చేసినా ఆ లెక్క అసలు డొమైన్ మీదనే కడతారు. అందువలన ఆఫర్ మెయిళ్లలో ఈ రెండు వరుసలు తప్పనిసరి, డీకిమ్ సంతకం వీటిని కూడా కప్పేటట్లు చూడండి.

```
List-Unsubscribe: <https://example.com/u/7f3a>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

ఇవి ఉంటే జీమెయిల్ తానే పైన అన్‌సబ్‌స్క్రయిబ్ మీటను చూపవచ్చు. హంద్రీ గారి వంటివారికి స్పామ్ నొక్కకుండా బయటపడే దారి దొరుకుతుంది.

తుంగభద్ర తీరం

నా ప్రశ్నకు జవాబు రాలేదు. కొత్త డొమైన్ ఎందుకు వద్దు?

కొండారెడ్డి బురుజు

మీకు పని జరిగిందంటే నమ్ముతాను. డొమైన్ మార్చినప్పుడు పాత జాబితాను కూడా అలాగే తీసుకుపోయారా?

తుంగభద్ర తీరం

లేదు. ఆ ఏడాది చేరిన విద్యార్థుల తల్లిదండ్రులకు మాత్రమే పంపడం మొదలుపెట్టాము. కానీ మా అనుభవంలో డొమైన్ మార్పే గుణమిచ్చిందని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే పాత డొమైన్ నుండి అదే చిన్న జాబితాకు రెండు వారాలు పంపి చూశాము, మార్పు రాలేదు.

కొండారెడ్డి బురుజు

రెండు వారాలు చాలవని నా అభిప్రాయం, కానీ దానిని ఇక్కడ రుజువు చేయలేను. ముద్రించిన సంచులు, బిల్లు పుస్తకాలు అన్నింటి మీదా ఉన్న పేరును వదులుకోవడం చీరల దుకాణానికి చిన్న సంగతి కాదు. ఏ చరిత్రా లేని కొత్త పేరును కూడా జీమెయిల్ మొదట అనుమానంగానే చూస్తుంది.

అంచుజరీ (ఆరు వారాల తరువాత)

ఆలస్యానికి మన్నించండి, పెళ్లిళ్ల కాలం. జరిగినదంతా రాస్తాను.

రెండు సబ్‌డొమైన్లు వేరు చేశాను. ఆరు నెలల్లో కొన్నవారు 640 మంది తేలారు. వారికి మాత్రమే, రోజుకు వందకు మించకుండా, ఒక మెయిల్ పంపాను. మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు, మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఆర్డరు ఇచ్చిన వెంటనే వెబ్‌సైటు మీద కనిపించే పేజీలో, మెయిల్ కనబడకపోతే స్పామ్‌లో చూసి "Not spam" నొక్కమని ఒక వాక్యం చేర్చాను. నాలుగో వారం నుండి ఫోన్లు తగ్గాయి. నిన్న ఆ ఐదు చిరునామాలకే మళ్లీ ఆర్డరు మెయిల్ పంపవచ్చా అని అడిగి పంపాను. నాలుగింటిలో ఇన్‌బాక్సులో పడింది. ఐదవది ఇంకా స్పామ్‌లోనే ఉంది.

ఆఫర్ మెయిల్ మాత్రం మూడింటిలో స్పామ్‌కు, రెండింటిలో ప్రమోషన్స్ ట్యాబ్‌కు పోయింది. దానికి నాకు తొందర లేదు.

ఔట్‌లుక్ సంగతి అలాగే ఉంది. మూడు ఖాతాలకు పంపితే మూడింటిలోనూ జంక్‌లోకే పోయింది. మామయ్య డొమైన్ నుండి పంపినది కూడా జంక్‌కే పోయింది.

గండికోట

మామయ్య గారి డొమైన్ కూడా జంక్‌కు పోయిందంటే అక్కడ నేను మొదట చెప్పిన ఐపీ సంగతే కదా?

కొండారెడ్డి బురుజు

అవును, ఔట్‌లుక్ విషయంలో మీ మాటే సరైనదిగా కనిపిస్తున్నది. మంచి పేరున్న డొమైన్ కూడా అక్కడ జంక్‌కే పోయిందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ సర్వరు ఐపీయే. అంచుజరీ గారూ, పంపే ఐపీల లెక్కలు చూపే మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌ఎన్‌డీఎస్‌లో మీ ఐపీని నమోదు చేసి చూడండి. మీరు పంపేది తక్కువ కాబట్టి అక్కడ ఏమీ కనబడకపోవచ్చు. అలా అయితే ఔట్‌లుక్ చిరునామాలకు వెళ్లే ఆర్డరు మెయిళ్లను మాత్రం పేరున్న మెయిల్ సర్వీసు ద్వారా రెండు వారాలు పంపి, మీ డీకిమ్ సంతకంతోనే, తేడా వస్తుందేమో చూడవచ్చు.

అంచుజరీ

నమోదు చేశాను, మీరన్నట్లే పేజీ ఖాళీగా ఉంది. ఔట్‌లుక్ కొనుగోలుదారులు నెలకు ముప్పై మంది దాకా ఉన్నారు. సోమవారం నుండి వారి మెయిళ్లను వేరే సర్వీసు ద్వారా మళ్లిస్తాను. ఆ మూడు చిరునామాలు ఇచ్చినవారు వాటిని ఇంకో పదిహేను రోజులు ముట్టుకోకుండా, ఏమీ నొక్కకుండా ఉంచగలరా?

హంద్రీ

ఔట్‌లుక్ ఖాతాలలో ఒకటి నాదే. ముట్టుకోను, జంక్‌లో పడినా అలాగే ఉంచుతాను.